బాలింతను, పసిబిడ్డను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మేడమ్, మాకు పెళ్ళై నాలుగు నెలలైంది. బెళ్లందూరులో ఉంటున్నాం. మా వారి పెదనాన్నగారి అబ్బాయి వాళ్ళు కె.ఆర్.పురంలో ఉంటారు. ఆ అక్కకు సిజేరియన్ అయి పాప పుట్టింది. వచ్చే ఆదివారానికి పదమూడో రోజు. ఆ రోజు చూడ్డానికి వెళ్తున్నాం. అక్కతో నాకు పెద్దగా చనువు లేదు, మా పెళ్ళిలో చూడటమే. వాళ్ళ అమ్మగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. మా అత్తయ్యేమో ఫోన్ చేసి పాప ఎంత బరువుంది, ఎవరి పోలిక, పాలు పడ్డాయా లేదా, అన్నీ కనుక్కో అన్నారు. ఏం అడిగితే ఏమనుకుంటారో అని నాకు టెన్షన్‌గా ఉంది. లోపలికి వెళ్ళాక మొదట ఏమనాలి? ఏం అడగొచ్చు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: గదిలోకి అడుగుపెట్టగానే ఎవరి కళ్ళైనా పాప వైపే పోతాయి. మీరు ఒక్క నిమిషం ఆగి ముందు అక్క దగ్గరికి వెళ్ళండి. "కంగ్రాట్స్ అక్కా, చాలా సంతోషంగా ఉంది. మీరెలా ఉన్నారు?" అనండి. అడిగాక ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది "ఎలా ఉన్నావమ్మా" అంటూనే ఉయ్యాల మీదికి వంగిపోతారు. ఆమె ఏం చెప్పిందో ఎవరికీ వినబడదు. బాలింతల ఇళ్ళకు వెళ్ళి, బిడ్డకు పాలు పట్టే విషయంలో సాయం చేయడం నా పని. "వచ్చినవాళ్ళంతా పాపనే చూసి వెళ్ళారండీ, నన్ను ఒక్కరూ అడగలేదు" అన్న మాట ఆ ఇళ్ళలో తరచూ వింటుంటాను.

అక్కకు కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి. మిమ్మల్ని చూసి మర్యాదకు లేవబోతే "లేవకండి అక్కా, అలాగే ఉండండి" అని మీరే ముందు అనేయండి. మంచం అంచున కూర్చోవద్దు, పరుపు కదిలినా ఆమెకు పొట్ట దగ్గర లాగుతుంది. కుర్చీ లాక్కుని, ఆమె తల తిప్పకుండా చూడగలిగే చోట కూర్చోండి.

ఆ తర్వాత పాపను చూడండి. వరసకు మీరు పిన్ని అవుతారు కాబట్టి దీవించే హక్కు మీకుంది. "చల్లగా నూరేళ్ళు ఉండాలి తల్లీ" అంటే చాలు. "మహాలక్ష్మి పుట్టింది" అనే మాట కూడా సంతోషంగా అంటే బాగుంటుంది. "పోనీలే, ఆడపిల్లైతేనేం", "మొదటిది ఆడపిల్లైనా మంచిదేలే, ఈసారి బాబు పుడతాడు" లాంటివి మాత్రం నోట రాకూడదు. ఓదార్పు చెప్పామంటే ఇక్కడేదో నష్టం జరిగిందని ఒప్పుకున్నట్టే కదా. ఆ మాట విన్న తల్లి ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటుంది. లావుగా ఉంది, బొద్దుగా ఉంది అన్న మాటలు కూడా వద్దు. దిష్టి పట్టింపు ఉన్న ఇంట్లో పెద్దావిడ ముఖం వెంటనే మారిపోతుంది. మీకు ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ ఇంట్లో ఉన్నంతసేపు వాళ్ళ పట్టింపును గౌరవిస్తే పోయేదేమీ లేదు.

ఇక ప్రశ్నలు. జాబితా ఏదీ బట్టీ పట్టనక్కర్లేదు. ఏదైనా అడగబోయే ముందు, దానికి ఆమె తల దించుకుని చెప్పాల్సిన జవాబు ఒకటి ఉందా అని ఆలోచించండి. "పాలు సరిపోతున్నాయా?" అంటే "లేదు" అని చెప్పాల్సి రావచ్చు. "నార్మల్ ఎందుకు కాలేదు?" అంటే సంజాయిషీ ఇచ్చుకోవాలి. "కాన్పుకు పుట్టింటికి వెళ్ళలేదేం?" అంటే డబ్బులో, నాన్నగారి ఆరోగ్యమో, ఆఫీసు సెలవులో, ఇంటి విషయాలు బయటికి రావాలి. "పాపను ముద్దుగా ఏమని పిలుస్తున్నారు?" అన్న ప్రశ్నకు అలాంటి బాధ లేదు. బుజ్జి అన్నా, చిట్టి అన్నా, ఇంకా ఏమీ అనుకోలేదన్నా ఏ జవాబైనా మంచిదే. తేలిక ప్రశ్న అంటే నా లెక్కలో అదే.

మీ అత్తయ్యగారు కనుక్కోమన్న మూడింటిలో పాల సంగతి గురించి కొంచెం వివరంగా చెప్తాను. అన్నిటికంటే మామూలుగా కనిపించేదీ, ఎక్కువ నష్టం చేసేదీ అదే.

కిందటేడు సర్జాపూర్ రోడ్డు వైపు ఒక ఇంటివాళ్ళు నన్ను పిలిచారు. బాబు పుట్టినప్పుడు 2.9 కిలోలు. ఐదో రోజుకు 2.7కి తగ్గాడు. ఇది మామూలే. నెలలు నిండి పుట్టిన పిల్లలు కూడా మొదటి కొద్ది రోజుల్లో బరువులో నూటికి ఏడు వంతుల దాకా, కొందరు పది దాకా తగ్గుతారు. రెండు వారాలు వచ్చేసరికి పుట్టినప్పటి బరువు మళ్ళీ అందుకుంటారు. ఈ బాబును ఎనిమిదో రోజున ఆసుపత్రిలో తూచారు. 2.82 కిలోలు వచ్చాడు. అంటే రోజుకు 40 గ్రాముల చొప్పున పెరుగుతున్నాడు. రోజుకు ఏడెనిమిది డయపర్లు తడుపుతున్నాడు. ఐదో రోజు దాటాక ఆరు తడిపితే చాలు, పాలు అందుతున్నట్టే.

తొమ్మిదో రోజున దగ్గరి చుట్టం ఒకావిడ వచ్చారు. బాబు ఏడుస్తుంటే "ఇప్పుడే కదా పట్టావు, మళ్ళీ ఏడుస్తున్నాడేం? పాలు సరిపోతున్నాయా?" అన్నారు. ఆవిడ మనసులో ఏమీ లేదు, ప్రేమతోనే అడిగారు. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతాడు, కొన్ని పూటల గంటకోసారి కూడా అడుగుతాడు. ఆ సంగతి అప్పుడక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. తల్లి "ఏమో పిన్నీ" అంది. ఆ "ఏమో" విన్న అమ్మమ్మకు భయం పుట్టింది. సాయంత్రానికి కింద మెడికల్ షాపు నుంచి డబ్బా పాలు వచ్చాయి. రాత్రి ఒక సీసా పట్టారు, బాబు హాయిగా నాలుగు గంటలు పడుకున్నాడు. "చూశావా, ఆకలే" అన్నారు. మర్నాడు రెండు సీసాలు, ఆ తర్వాత నాలుగు. సీసా తాగిన ప్రతిసారీ తల్లి దగ్గర తాగడం ఒకసారి తగ్గింది. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరుతాయి, తాగడం తగ్గితే ఊరడం కూడా తగ్గుతుంది. పదమూడో రోజున నేను వెళ్ళేసరికి నిజంగానే పాలు చాలడం లేదు. పిల్లల డాక్టరును అడిగి డబ్బా పాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, రెండు గంటలకోసారి రొమ్ము పట్టిస్తూ, మళ్ళీ మొదటిలా కావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉంది.

అవసరమై డబ్బా పాలు పట్టేవాళ్ళు కూడా ఉంటారు, అందులో తప్పేమీ లేదు. అది తల్లి, డాక్టరు కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. చూడ్డానికి వచ్చిన మనిషి అన్న మాట వల్ల జరగకూడదు. మీరు అడగకపోయినా అక్కే "పాలు చాలడం లేదేమో అనిపిస్తోంది" అంటే? అప్పుడు కూడా మెంతులు తినమనో, ఫలానా చేప తినమనో సలహాలు మొదలుపెట్టకండి. "డాక్టరు బరువు చూసి ఏమన్నారు అక్కా?" అనండి. బాగానే ఉందన్నారంటే "అయితే బాగానే తాగుతోందన్నమాట" అని వదిలేయండి. డయపర్లు సరిగా తడవడం లేదనో, పాప తాగడానికి కూడా లేవకుండా మత్తుగా పడుకుంటోందనో చెప్తే, సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయమని బావగారితో చెప్పించండి.

బరువు సంగతి ఇంకా తేలిక. మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే "తల్లీబిడ్డా క్షేమం" అన్న మెసేజ్‌తో పాటు బరువు కూడా వాట్సాప్‌లో వస్తుంది. వచ్చిందంటే మీ అత్తయ్యగారికి ఇప్పటికే తెలుసు. అందులో బరువు లేదంటే తక్కువ ఉండి చెప్పలేదేమో. రెండున్నర కిలోల లోపు పుట్టిన పిల్లల తల్లులకు ఆ అంకె చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. అడగకుండా ఉండటమే మేలు, చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తారు.

పోలికల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ అమ్మమ్మగారు ఉంటారు, ఫోన్‌లో నానమ్మగారు ఉంటారు. మీరు అబ్బాయి తరఫు మనిషి. "అచ్చం బావగారే" అన్నారంటే అమ్మాయి తరఫువాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, ఇంకోలా అంటే మీ వైపు మాట పడుతుంది. పదమూడు రోజుల పిల్లకు ముఖం, ఒంటి రంగు ఇంకా వారాల తరబడి మారుతూనే ఉంటాయి. పోలిక అప్పుడే తేలదు. ఎవరైనా మిమ్మల్నే అడిగితే "ఇంకా నిద్రమొహమే కదండీ, కళ్ళు తెరిచి చూస్తే చెప్తాను" అనండి. రంగు గురించి అసలు మాట్లాడకండి. కుంకుమపువ్వు వేసుకున్నావా అన్న ప్రశ్న కూడా రంగు గురించేనని ప్రతి తల్లికీ తెలుసు.

పాప ఒంటి మీద కొన్ని కనబడవచ్చు. వాటిని చూసి "అదేంటి?" అనకండి. పొరలు పొరలుగా లేస్తున్న చర్మం, ముక్కు మీద తెల్లటి చుక్కలు, నడుం కింద నీలంగా పెద్ద మచ్చ, కొంచెం ఒక పక్కకు ఉన్న తల, ఇవన్నీ పసిపిల్లల్లో మామూలే. ఊరికే తుమ్మినా, వెక్కిళ్ళు వచ్చినా జలుబు చేసినట్టు కాదు. తల్లి ఆ మచ్చను ఇప్పటికే రోజుకు పదిసార్లు చూసుకుని ఉంటుంది.

మరి ఏం అడగాలి? మీరున్న గది మీకే మాటలు అందిస్తుంది. పాప గుప్పిట బిగించుకుని ఉంటే "ఎప్పుడూ ఇలాగే గట్టిగా పట్టుకుంటుందా?" అనండి. జుట్టు ఉంటే జుట్టు గురించి, ఆవలిస్తే ఆవలింత గురించి. "మీ గొంతు వినబడితే కదులుతోందా అక్కా?" అని అడగండి. పుట్టిన బిడ్డకు తల్లి గొంతు కడుపులో ఉన్నప్పటి నుంచే పరిచయం కాబట్టి, దీనికి దాదాపు ప్రతి తల్లి దగ్గరా ఒక కబురు ఉంటుంది. "నేను మాట్లాడితే ఏడుపు ఆపి వింటుంది, వాళ్ళ నాన్న మాట్లాడితే కాళ్ళు ఆడిస్తుంది" అంటూ మొదలుపెడుతుంది. ఆ తర్వాత మీరు వింటే చాలు. "రాత్రిపూట ఎవరి డ్యూటీ?" అని బావగారిని కూడా మాటల్లోకి లాగవచ్చు. "పేరు ఏం పెడుతున్నారు?" కంటే "బారసాల ఎప్పుడు అనుకుంటున్నారు? మమ్మల్ని ఏ పనికైనా పిలవండి" అనడం మంచిది. పేరు దగ్గర రెండు ఇళ్ళ మధ్య తర్జనభర్జనలు నడుస్తుండవచ్చు. కొన్ని ఇళ్ళలో బారసాల రోజు దాకా బయటికి చెప్పరు కూడా. ఆఫీసు ఊసు వద్దు. బెంగళూరులో అందరం ఉద్యోగాల గురించే మాట్లాడుకుంటాం కాబట్టి "ఎప్పుడు జాయిన్ అవుతున్నారు?" అనేది అలవాటుగా వచ్చేస్తుంది. చట్టప్రకారం మొదటి కాన్పుకు 26 వారాల సెలవు ఉన్నా, పదమూడో రోజున ఆ తేదీ గుర్తు చేస్తే ఆమె కళ్ళ ముందు మిగిలిన రోజుల లెక్క మొదలవుతుంది.

అమ్మమ్మగారిని మర్చిపోకండి. భాష రాని ఊళ్ళో, అపార్ట్‌మెంట్‌లో, తెల్లారి నీళ్ళు కాచడం దగ్గర నుంచి రాత్రి పథ్యం వంట దాకా అన్నీ ఆవిడే చూసుకుంటుంటారు. "పిన్నిగారూ, మీకు కాస్త నిద్ర పడుతోందా? ఒంగోలులో అందరూ కులాసాయేనా?" అని అడిగితే ఆవిడ ముఖం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు. ఆవిడ పద్ధతులు మీరు ఎక్కడో చదివినదానికి సరిపోలకపోయినా ఆ అరగంటలో వాదన వద్దు. ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. మీ చేతికి తేనె ఇచ్చి "పిన్నివి కదా, నువ్వు నాకించు" అంటే "వద్దు పిన్నిగారూ, ఏడాది దాటేదాకా తేనె పెట్టకూడదని డాక్టర్లు చెప్తున్నారు" అని మెల్లగా చెప్పండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల వల్ల పసిపిల్లలకు ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఆదివారం ఏ వేళకు వెళ్ళాలనేది ముందు రోజే బావగారికి ఫోన్ చేసి కనుక్కోండి. మీరూ అదే ఇంటిపేరువాళ్ళు కాబట్టి పురుడు మీకూ వర్తిస్తుంది. పదకొండో రోజుతో అది తీరిపోతుంది, పదమూడో రోజుకు అభ్యంతరం ఉండకపోవచ్చు. పొద్దున పదకొండు, పన్నెండు గంటలప్పుడు వెళ్ళవద్దని నా సలహా. మన ఇళ్ళలో అప్పటికి పాపకు నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడతారు. రోజు మొత్తంలో తల్లికి దొరికే పెద్ద నిద్ర అదే. నాలుగున్నర, ఐదు ప్రాంతంలో వెళ్ళి దీపాలు పెట్టే వేళకు బయల్దేరితే ఎక్కువ ఇళ్ళకు అనువుగా ఉంటుంది. "మేం టీ తాగే వస్తున్నాం, ఏమీ పెట్టుకోవద్దు" అని ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఫ్లాటుకు ఇంటర్‌కామ్ కొడతారు, ఆ మోతకే సగం మంది పిల్లలు లేచిపోతారు. ముందే యాప్‌లో మీ పేర్లు పెట్టించమనండి. పైకి వెళ్ళాక బెల్ కొట్టకుండా "తలుపు దగ్గర ఉన్నాం" అని మెసేజ్ పెట్టండి.

మీలో ఎవరికి దగ్గు, జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్నా, పెదవి మీద నీటిపొక్కు ఉన్నా ఆ ఆదివారం మానేయండి. కోరింత దగ్గు టీకా పాపకు ఆరో వారం దాకా వేయరు, ఆ పెదవి పొక్కు తెచ్చే హెర్పిస్ వైరస్ నెల లోపు పిల్లల ప్రాణం మీదికి తేగలదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నా కూడా పాప ముఖం మీద, చేతుల మీద ముద్దు పెట్టకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ములో వెళ్తారు కాబట్టి లోపలికి రాగానే "చేతులు కడుక్కుని వస్తాం" అని మీరే అడిగి సబ్బుతో కడుక్కోండి. అలా చేస్తే, అడగడానికి మొహమాటపడుతున్న తల్లి ప్రాణం కుదుటపడుతుంది. సెంటు వద్దు. ఎత్తుకుంటానని మీరు అడగకండి. వాళ్ళే ఇస్తే గాజులు పైకి తోసుకుని, మెడ కింద అరచెయ్యి ఆనించి తీసుకోండి. ఫోటో తీయాలంటే అడిగి తీయండి, స్టేటస్‌లో మాత్రం పెట్టవద్దు.

ఒట్టి చేతులతో వెళ్ళలేం కదా, ఇంకో మాట. మన అలవాటు పాప చేతిలో నోటు పెట్టడం. ఈ వయసు పిల్లల అరచేతికి ఏది తగిలినా వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, అందుకే ఐదు వందల నోటును కూడా గట్టిగా పట్టేసుకుంటుంది. చూసేవాళ్ళంతా మురిసిపోతారు. క్షణం తిరక్కుండా ఆ గుప్పిట నోటి దగ్గరికి పోతుంది. ఎన్ని చేతులు మారి వచ్చిన కాగితమో అది! డబ్బు కవరులో పెట్టి అక్క దిండు పక్కన ఉంచండి. బట్టలు తీసుకెళ్తే పుట్టిన పిల్లల సైజు కాకుండా మూడు నుంచి ఆరు నెలల సైజు మెత్తటి నూలువి తీసుకోండి. తినేది ఏదైనా తీసుకెళ్ళాలనుకుంటే పిన్నిగారిని అడిగి తీసుకెళ్ళండి, పథ్యంలో ఏం పెడుతున్నారో ఆవిడకే తెలుసు.

అరగంట దాటకండి. ఈలోపే లేవాల్సిన సూచన పాపే ఇవ్వవచ్చు. తల అటూ ఇటూ తిప్పుతూ నోరు తెరవడం, పెదవులు చప్పరించడం, గుప్పిట నోట్లో పెట్టుకోబోవడం, ఇవన్నీ ఆకలి గుర్తులు. ఏడుపు చివరికి వస్తుంది. బాగా ఏడ్చాక రొమ్ము పట్టించడం కష్టం. మీరు అవి గమనించగానే "మేం హాల్లో కూర్చుంటాం అక్కా" అని మీ వారిని కూడా తీసుకుని బయటికి వచ్చేయండి. అతిథుల్ని బయటికి వెళ్ళమని ఏ కోడలూ అనలేదు. చున్నీ సర్దుకుంటూ, తలుపు వైపు చూస్తూ, పాపను ఊపుతూ ఉండిపోతుంది. ఆ పూట ఒక్కసారి తాగడం ఆలస్యమైతే రాత్రంతా ఆ ఇబ్బంది ఉంటుంది.

మీరు "ఎలా ఉన్నారు?" అని అడిగి ఆగినప్పుడు అక్క కళ్ళలో నీళ్ళు తిరగవచ్చు. కంగారు పడకండి. కాన్పైన రెండు మూడు రోజులకు మొదలై రెండు వారాల దాకా ఊరికే ఏడుపు రావడం, చిరాకు, దిగులు చాలామంది తల్లులకు ఉంటాయి. "పచ్చి బాలింతవు, ఏడవకూడదు, పాలు ఇంకిపోతాయి" అన్న మాట ఆ దిగులుకు భయాన్ని కూడా జోడిస్తుంది. "ఫర్వాలేదక్కా, నేనున్నాను" అని చెయ్యి పట్టుకుని కూర్చోండి చాలు. కారణం తవ్వకండి. బయటికి వచ్చాక ఎవరికీ చెప్పకండి.

పదమూడో రోజు ఆ రెండు వారాల గడువుకు అంచున ఉంటుంది. అందుకే ఓ వారం పోయాక మీరే ఒక ఫోన్ చేయండి. అప్పటికీ దిగులు అలాగే ఉందనో, పాప పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదనో, పాపను ముట్టుకోబుద్ధి కావడం లేదనో చెప్తే బావగారితో నేరుగా మాట్లాడండి. బతకాలని లేదు అన్న మాట వినబడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, ఆమెను ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. మన ఊళ్ళోనే హోసూరు రోడ్డులో ఉన్న నిమ్హాన్స్‌లో ఇలాంటి తల్లుల్ని బిడ్డతో సహా చేర్చుకుని చూసే విభాగం ఉంది.

ఇంటికి వచ్చేసరికి మీ అత్తయ్యగారి ఫోన్ వస్తుంది. ఆవిడ మాట తీసేసినట్టు కాకుండా ఇలా చెప్పండి: "పాప చక్కగా ఉంది అత్తయ్యా, నేను పలకరిస్తే వేలు పట్టుకుంది. అక్క కోలుకుంటున్నారు. పిన్నిగారు మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు." పాల గురించి గుచ్చి అడిగితే "ఆ సంగతి డాక్టరు చూసుకుంటున్నారట అత్తయ్యా" అనండి. పోలిక గురించి అడిగితే బారసాలకు వచ్చి మీరే చూసి చెప్పాలి అనండి, ఆవిడకు కూడా ఆ మాట నచ్చుతుంది.